నీళ్లు చల్లితే మెరిసే గచ్చుకు యాసిడ్ దేనికి?

మా నాన్నగారు 1974లో తెనాలిలో కట్టించిన ఇంట్లో హాలు, వరండా, పడకగదులు అన్నిటికీ మొజాయిక్ గచ్చే. తెల్ల సిమెంటులో నలుపు, ఎరుపు, తెలుపు రాతి చిప్స్ కలిపి, మూడడుగుల గడులుగా గాజు పట్టీలు నిలబెట్టి, అక్కడికక్కడే పోసి, అక్కడికక్కడే అరగదీసిన నేల అది. పన్నెండేళ్లు అద్దెకిచ్చిన తరువాత, పోయిన ఏడాది అమ్మ మళ్లీ ఆ ఇంట్లోనే ఉంటానని పట్టుబట్టింది. ఇల్లు శుభ్రం చేయడానికి మనుషులను మాట్లాడాను. నేను స్టేషన్ నుంచి ఇంటికి చేరేసరికి వాళ్లు వరండాలో పని మొదలుపెట్టేశారు. పన్నెండు గడుల వరండాలో ఐదు గడుల మీద సీసాలో తెచ్చిన యాసిడ్ పోసి ఉంది. నేలంతా సన్నగా చిటపటలాడుతూ నురగ కక్కుతోంది. గొంతు పట్టేసే ఘాటు. "చూడండి సార్, యాభై ఏళ్ల మురికి ఎలా పొంగుతోందో" అన్నాడు అందులో పెద్దవాడు, తన పనితనం మీద నిజమైన నమ్మకంతోనే.

పొంగుతున్నది మురికి కాదు, మా గచ్చు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క వాక్యానికి వివరణ, ఆపైన ఆ ఐదు గడులను, మిగిలిన ఇంటిని ఎలా దారికి తెచ్చుకున్నామన్న వృత్తాంతం.

మొజాయిక్‌లో రెండే పదార్థాలు ఉంటాయి: పాలరాతి ముక్కలు, వాటిని పట్టి ఉంచే సిమెంటు. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. గట్టిపడిన సిమెంటు కూడా ప్రధానంగా కాల్షియం సమ్మేళనాలే. బాత్‌రూమ్ కడగడానికి అమ్మే యాసిడ్ సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది పాలరాతిని తాకగానే కార్బన్ డయాక్సైడ్ వాయువు బుడగలుగా వస్తుంది, మనం చూసే నురగ అదే. రాయి కాల్షియం క్లోరైడ్‌గా మారి నీళ్లలో కరిగి కొట్టుకుపోతుంది. సిమెంటు రాయికన్నా వదులుగా, సూక్ష్మ రంధ్రాలతో ఉంటుంది కాబట్టి అది ఇంకా లోతుగా తినబడుతుంది. అందుకే యాసిడ్ పడిన మొజాయిక్ మీద వేలు పెట్టి రాస్తే చిప్స్ గరుకు గరుకుగా పైకి లేచి తగులుతాయి. నిజానికి చిప్స్ లేవలేదు, చుట్టూ ఉన్న సిమెంటు దిగిపోయింది. అలా దిగిన గుంటల్లో కొత్త మురికి మునుపటికంటే గట్టిగా కూర్చుంటుంది. ఆరు నెలలకు మళ్లీ నల్లబడుతుంది, మళ్లీ యాసిడ్ పోస్తారు. ఒకసారి యాసిడ్‌తో కడిగిన ఇంటికి ఏటేటా యాసిడ్ ఎందుకు అవసరమవుతుందో, గచ్చు పాతదైపోయిందని అందరూ ఎందుకనుకుంటారో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి యాసిడ్ కడిగిన రోజు నేల తెల్లగా, కొత్తగా కనబడుతుంది కదా అంటే, కనబడుతుంది. పై పొరతో పాటు దాని మీదున్న మురికి కూడా పోతుంది గదా. తలుపు మీద మరక పోవడానికి తలుపును చెక్కేస్తే మరక తప్పకుండా పోతుంది. కానీ ఆ తెలుపు శుభ్రతకు గుర్తు కాదు. గరుకైన ఉపరితలం మీద పడ్డ వెలుతురు అన్ని వైపులకూ చెదిరిపోయి, పొడి సుద్దలాగా తెల్లగా అనిపించడం అది. మెరుపు అంటే వెలుతురు చెదరకుండా అద్దంలో లాగా ఒకే దిక్కుకు తిరిగి రావడం. కాబట్టి మెరుపనేది గచ్చు మీద పోసే వస్తువు కాదు, గచ్చు ఎంత నున్నగా ఉందన్నదానికి మరో పేరు. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టించుకుంటే, బజారులో సీసాల్లో దొరికే సగం సరుకు అక్కరలేదని తేలిపోతుంది.

యాసిడ్ చేసే మరొక హాని వానాకాలం దాకా బయటపడదు. సరిగ్గా కడగకుండా వదిలేసిన కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకునే లవణం. ఆ వరండాలో యాసిడ్ పడిన ఐదు గడులూ జూలై ముసురులో చెమట పట్టినట్టు జిడ్డుగా తయారయ్యాయి, పక్క గడులు మాత్రం పొడిగానే ఉన్నాయి. యాసిడ్ పోసిన ఆ రోజు నేను చేయగలిగింది ఒక్కటే. బకెట్ నీళ్లలో నాలుగు చెంచాల వంటసోడా కలిపి, నురగ పూర్తిగా ఆగేదాకా పోసి, తరువాత మంచినీళ్లతో నాలుగైదు సార్లు కడిగించాను. దానివల్ల మిగిలిన ఆమ్లం చచ్చిపోతుంది కానీ పోయిన సిమెంటు తిరిగి రాదు, లోపలికి ఇంకిన లవణం అంతా బయటికీ రాదు. దాన్ని తరువాత పలుమార్లు తడిబట్ట పరిచి తీసి తగ్గించాల్సి వచ్చింది.

యాసిడ్ లేకుండా తెల్ల పొర ఎలా పోతుందని అడిగేవాళ్లే ఎక్కువ, బోరు నీళ్లు వాడే ఇళ్లలో మరీను. ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఉప్పునీళ్లు ఆరి ఆరి నేల మీద పేరుకునే ఆ తెల్ల పొర కూడా ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే, అంటే మన పాలరాతి చిప్స్ ఏ పదార్థమో అదే పదార్థం. పొరను కరిగించగలిగిన ప్రతి ద్రవమూ గచ్చునూ కరిగిస్తుంది. రెండింటికీ తేడా తెలుసుకునే యాసిడ్ లోకంలో లేదు. అది నిమ్మరసమైనా అంతే, వెనిగరైనా అంతే, "మైల్డ్" అని రాసిన టాయిలెట్ క్లీనరైనా అంతే. వేగంలోనే తేడా. పింగాణీ టైల్స్ మీద, గ్రానైట్ మీద పనికొచ్చే చిట్కాను మొజాయిక్ మీద ప్రయోగించడం వల్లనే ఇన్ని ఇళ్ల గచ్చులు పాడయ్యాయి. తాండూరు రాయి, కడప రాయి, బేతంచెర్ల రాయి పరిచిన ఇళ్లవాళ్లు కూడా ఈ మాట తమకు చెప్పినట్టే తీసుకోవాలి, అవన్నీ సున్నపురాయి జాతివే.

మా వంటింటి వెనక మెట్టు దగ్గర మూరెడు మేర గచ్చు నలభై ఏళ్లుగా మందగించి ఉండేది. చిన్నప్పుడు ఎందుకో తెలియదు. నాయనమ్మ దీపపు కుందులు, పంచపాత్ర అన్నీ అక్కడే కూర్చుని చింతపండుతో తోమేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఇత్తడిని తళతళలాడించిన ఆమ్లమే దాని కింద ఉన్న పాలరాతి మెరుపును రోజూ కొంచెం కొంచెంగా తీసేసింది.

సరే, మందగించిన గచ్చు ముందున్నప్పుడు మొట్టమొదట తేల్చుకోవలసింది, దాని మీద ఏదైనా పేరుకుందా, లేక దాని నుంచి ఏదైనా పోయిందా అన్నది. ఈ రెండు జబ్బులకూ మందు ఒకటి కాదు. నేను వాడే పరీక్ష చాలా చిన్నది. ఒక గడి మీద గ్లాసెడు మంచినీళ్లు పోసి చేత్తో పరచండి. తడి గచ్చులో చిప్స్ రంగులు ఒక్కసారిగా లోతుగా, పాలిష్ పెట్టినట్టుగా కనబడితే, ఆ గచ్చు శుభ్రంగానే ఉంది, కేవలం గరుకెక్కింది. నీళ్లు గరుకు గుంటలను తాత్కాలికంగా నింపి నున్నగా చేశాయి కాబట్టే ఆ రంగు వచ్చింది. అరగదీస్తే శాశ్వతంగా వచ్చే రూపం కూడా దాదాపు అదే. అలా కాక, తడిపినా రంగులు మసకగా, పసుపుపచ్చని తెర వెనక ఉన్నట్టు కనబడితే, మీద మైనమో మురికో పాత పాలిష్ ద్రవమో పేరుకుందని అర్థం. అటువంటి చోట గోటితోనో ప్లాస్టిక్ చెక్కతోనో గీస్తే సన్నని పొట్టు లేస్తుంది. దానికి మెషీన్ అక్కర్లేదు.

రెండో పరీక్షకు మా ఇంట్లో బీరువా సాయపడింది. ఇల్లు కట్టిన మరుసటి సంవత్సరం నుంచి హాలులో ఒకే చోట నిలబడి ఉన్న ఇనప బీరువాను నలుగురం కలిసి జరిపితే, దాని కింద 1974 నాటి పాలిష్ చెక్కుచెదరకుండా ఉంది. ట్యూబ్‌లైటు గీత అందులో అంచులతో సహా కనబడింది. ఇంతకంటే మంచి కొలబద్ద ఏముంటుంది? ఏ ఇంట్లోనైనా మంచం కిందనో, బియ్యం డ్రమ్ము కిందనో ఇటువంటి చోటు ఒకటి ఉంటుంది. పనివాళ్లకు దాన్ని చూపించి "ఇలా రావాలి" అంటే మాటల అవసరం చాలా తగ్గుతుంది. చివరగా రూపాయి బిళ్లతో ప్రతి గడినీ నాలుగు చోట్ల తట్టి చూశాను. రెండు గడుల్లో డొల్ల శబ్దం వచ్చింది, అంటే పై పొర కింది కాంక్రీటు నుంచి విడిపోయిందన్నమాట. వాటి మీద బరువైన మెషీన్ ఆడించకూడదని సుద్దతో గుర్తు పెట్టాను.

పరీక్షల ఫలితం ఏమిటంటే, హాలుకు మొదటి జబ్బు, వరండాకు రెండోది. ముప్పై గడుల హాలులో అద్దెకున్నవాళ్లు ఏళ్ల తరబడి మైనపు పాలిష్ మీద మైనపు పాలిష్ రాసి, దాని మీద నడిచి, దుమ్మును అందులో కూరారు. దాన్ని తీయడానికి పట్టింది టర్పెంటైన్, పాత బనియన్ గుడ్డలు, మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక గోనెసంచి. కిటికీలన్నీ తెరిచి, పొయ్యి ఆర్పి, దీపం కూడా పెట్టకుండా, ఒక్కొక్క గడిని టర్పెంటైన్ గుడ్డతో తడిపి, రెండు నిమిషాలు ఆగి, ఇంకో గుడ్డతో తుడిచాం. గుడ్డ గోధుమరంగుకు తిరిగినంతసేపూ గడి మీద మైనం ఉన్నట్టే. ఆ గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి, విడివిడిగా పెరట్లో ఆరేశాం. మరునాడు బకెట్ గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాల అంట్లు తోమే ద్రవం కలిపి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, మురికి నీళ్లు ఆరకముందే ఎత్తేశాం. నేల మీదే ఆరిపోతే ఆ మురికి మళ్లీ అక్కడే పడుకుంటుంది. ఇనప పీచు మాత్రం వాడనివ్వలేదు. దాని తునకలు రంధ్రాల్లో చిక్కుకుని నెల తిరగకుండా తుప్పు చుక్కలవుతాయి.

పూజగది గుమ్మం దగ్గర పసుపు మరకలు మరో కథ. గచ్చు మీద అవి పసుపుగా కాక ఎర్రగా ఉంటాయి. పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందని తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. సిమెంటులో ఉన్నది కూడా సున్నపు గుణమే. అందుకే సబ్బు, సోడా వేసి రుద్దినకొద్దీ ఆ మరక ఇంకా ఎర్రబడుతుంది, చూసినవాళ్లు గాభరాపడి యాసిడ్ సీసా అందుకుంటారు. మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్ల సుద్దపొడిని గట్టి పిండిలా తడిపి, మరక మీద అరంగుళం మందాన మెత్తి, మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, మరుసటి రోజు తీశాను. మొదటిసారికి సగం, రెండోసారికి దాదాపు పూర్తిగా పోయింది. ఎండ తగిలే చోటైతే పసుపును ఎండే చాలావరకు మింగేస్తుంది. నూనె మరకలకు ఇదే పద్ధతి, పెరాక్సైడ్ బదులు అసిటోన్‌తో పిండి కలపాలి. మరక పైన ఉండదు, లోపల ఉంటుంది. రుద్దడం వల్ల లోపలిది బయటికి రాదు, ఆరుతున్న పిండి మాత్రమే దాన్ని పైకి లాగుతుంది.

ఇంత చేశాక హాలు సగానికి పైగా తేరుకుంది. మెషీన్ ఇంటికి రాకముందే తేరుకుందని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే పాలిష్ మాట్లాడుకోవడానికి వచ్చిన మొదటి ఇద్దరు మేస్త్రీలు హాలుకు కూడా ముతక రాయి నుంచి మొదలుపెట్టాలనే చెప్పారు. చదరపు అడుగుల లెక్కన డబ్బు తీసుకునేవాళ్లు అలా చెప్పడం సహజం. కానీ మొజాయిక్ పై పొర మందం ఎంతో ఆలోచించాలి. చిప్స్ పరిమాణాన్ని బట్టి ఆ పొరను 6, 9 లేదా 12 మిల్లీమీటర్లు వేయడం మన దేశంలో ప్రభుత్వ కట్టడాల ప్రమాణం. మా గచ్చులో చిప్స్ ఏడు మిల్లీమీటర్ల లోపువి, అంటే పొర తొమ్మిదికి మించి ఉండే అవకాశం తక్కువ. అందులో కొంత మొదటి పాలిష్‌లోనే పోయింది. ఇక అది ఖర్చు పెడితే తరిగే డబ్బులాంటిదే. అవసరం లేనిచోట ముతక రాయి ఆడించడం మూలధనం తినడమే.

మూడో మేస్త్రీ వయసులో పెద్దవాడు. చిన్నతనంలో చేతిరాయితో మూలలు అరగదీసిన చేయి. "యాసిడ్ వద్దంటే వద్దు బాబూ, నాకూ ఊపిరితిత్తులు కావాలి" అని నవ్వాడు. అరగదీసే ప్యాడ్ నంబరు తగ్గేకొద్దీ ముతక, పెరిగేకొద్దీ సన్నం. ఏ నంబరుతో మొదలుపెడతారని అడిగితే, "గచ్చు చెప్పాలి గానీ నేనెలా చెబుతాను" అన్నాడు. అప్పుడే ఆయన్ను కుదుర్చుకున్నాను.

గచ్చును అడిగే విధానం ఇది. యాసిడ్ తిన్న ఐదు గడుల్లో అన్నిటికంటే చెడిపోయిన దాన్ని ఎంచుకుని, ఒక మూలన రెండడుగుల మేర ముందు 200 నంబరు డైమండ్ ప్యాడ్‌తో నీళ్లు పోస్తూ ఆడించాడు. తుడిచి, ఆరనిచ్చి, పక్కనుంచి టార్చిలైటు వేసి చూస్తే చిప్స్ తలలు మాత్రం నున్నబడ్డాయి, సిమెంటు గుంటలు అలాగే ఉన్నాయి. 100తో ఇంకొంచెం నయం. 50తో ఆడించాక చిప్స్, సిమెంటు ఒకే మట్టానికి వచ్చాయి, గోరు ఎక్కడా తట్టుకోలేదు. అయితే ఈ ఐదు గడులకు 50 నుంచి. యాసిడ్ పడని మిగతా ఏడు గడులకు ఇదే పరీక్ష చేస్తే 200 సరిపోయింది. హాలుకు 400 సరిపోయింది. ఒకే ఇంట్లో మూడు ఆరంభాలు. గడుల మధ్య గాజు పట్టీలు ఉన్నాయి కాబట్టి ఆ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనబడలేదు.

50 నంబరు ఆడాక గచ్చు మీద సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలు చాలా తేలాయి. వాటిని పూడ్చకుండా ముందుకు పోతే ఎంత పాలిష్ చేసినా నేల చిల్లుల గుడ్డలా ఉంటుంది. తెల్ల సిమెంటు మూడు పాళ్లు, పాలరాతి పొడి ఒక పాలు, మా గచ్చు లేత పసుపుకు తిరిగి ఉంది గనుక చిటికెడు పసుపుపచ్చ ఆక్సైడ్ కలిపి, ముందు అట్టముక్క మీద పూసి ఆరబెట్టి రంగు సరిచూశాడు. తడిమీద ముదురుగా కనిపించే రంగు ఆరాక పాలిపోతుంది, ఈ పరీక్ష మానేసినవాళ్ల గచ్చు మీద అతుకులు జీవితాంతం కనబడతాయి. ఆ ముద్దను రబ్బరు చెక్కతో రంధ్రాల్లోకి నొక్కి, ఐదు రోజులు గోనెసంచులు తడిపి కప్పి ఉంచాం. తొందరపడి రెండో రోజే మెషీన్ పెడితే పచ్చి సిమెంటు రంధ్రాల్లోంచి పెళ్లలుగా లేచి వస్తుంది. ఆరో రోజు నుంచి 100, 200, 400, 800 వరుసగా ఆడించాడు. ఒక్కొక్క నంబరు పని మునుపటి నంబరు వేసిన గీతలను చెరపడమే, అంతకుమించి ఏమీ కాదు. అందుకని ఒక నంబరు తూర్పు పడమరలుగా ఆడిస్తే తరువాతిది ఉత్తర దక్షిణాలుగా ఆడించి, తుడిచి, పాత దిక్కు గీత ఒక్కటైనా మిగిలిందేమో చూసుకున్నాడు. మధ్యలో ఒక నంబరు ఎగరగొడితే ఆ గీతలు చివరి మెరుపులో ఉంగరాలుగా, సాయంత్రపు ఏటవాలు ఎండలో బయటపడతాయి, అప్పుడు వెనక్కి వెళ్లడం తప్ప మార్గం లేదు. డొల్ల పలికిన రెండు గడులను, గోడవార అంచులను చేతి మెషీన్‌తో తేలికగా కానిచ్చాడు. పని మొత్తం నీళ్లతోనే, పొడిగా ఆడిస్తే ఆ సిమెంటు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. రాలిన పాలలాంటి బురదను కాలువలో పోయనివ్వకుండా బకెట్లకెత్తి పెరట్లో గుంట తీసి పోశాం. గొట్టాల్లో పేరుకుంటే అది మెత్తగా ఉండదు, గట్టిపడి కూర్చుంటుంది.

చివరి మెరుపు దగ్గర నాకూ మేస్త్రీకీ చిన్న వాదం జరిగింది. ఆయన ఆగ్జాలిక్ పొడి తెచ్చాడు. యాసిడ్ వద్దన్నాను గదా అంటే, "ఇది ఆ యాసిడ్ కాదు బాబూ, మీ నాన్నగారి రోజుల్లోనూ దీంతోనే చేశారు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. చదరపు మీటరుకు 33 గ్రాముల ఆగ్జాలిక్ ఆమ్లం పొడి చల్లి, నీళ్లు చిలకరించి, నమదా అనే ఒత్తిన ఉన్ని గుడ్డతో గట్టిగా రుద్దడం పాత ప్రభుత్వ పనుల నిబంధనల్లోనే ఉంది. ఆగ్జాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిస్తే ఏర్పడే కాల్షియం ఆగ్జలేట్ నీళ్లలో కరగదు. కొట్టుకుపోకుండా ఉపరితలం మీదే దట్టమైన పలచని పొరగా నిలిచి, రాపిడికి మెరుగు తేలుతుంది. హైడ్రోక్లోరిక్ రాయిని కరిగించి పంపేస్తే, ఇది ఉన్నచోటే మార్చి ఉంచుతుంది. కాబట్టి ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు న్యాయంగా తోచదు. కానీ ఇప్పటి అలవాటు ఆ 33 గ్రాములు కాదు. మా పాతిక చదరపు మీటర్ల హాలుకు ఎనిమిది వందల గ్రాముల పైచిలుకు సరిపోయే చోట, కిలోల కొద్దీ బకెట్లో కలిపి నేల మీద పోసి, టీ తాగి వచ్చేదాకా నానబెడతారు. అలా నానిన గచ్చు మీద తెల్లటి మసక తెర, నారింజ తొక్కలాంటి గతుకు మిగులుతాయి. పైగా ఆ పొడి విషం, అమ్మ ఉత్త కాళ్లతో తిరిగే ఇల్లు. అందుకని హాలులో 1500, 3000 నంబరు ప్యాడ్‌ల తరువాత టిన్ ఆక్సైడ్ పొడిని నీళ్లతో కలిపి ఫెల్ట్ ప్యాడ్‌తో రుద్దించాను. అది కేవలం రాపిడితోనే మెరుగు పెడుతుంది. ఖరీదు ఎక్కువే. బజారులో కొన్ని పాలిష్ పొడుల్లో ఇదీ ఆగ్జాలిక్కూ కలిపి అమ్ముతారు గనుక డబ్బా మీద చదివి కొనాలి. "యాసిడ్ లేని క్రిస్టలైజేషన్" పేరుతో ఒక ద్రవం రుద్ది మెరుపు తెప్పిస్తామని ఫోనులో ఊదరగొట్టినవాళ్లూ ఉన్నారు. ఆ ద్రవంలో సాధారణంగా ఉండేది మెగ్నీషియం ఫ్లోరోసిలికేట్, అది స్వయంగా ఆమ్ల స్వభావం కలది, ఇనప పీచుతో రుద్దుతారు. బాగా నున్నబడిన పాలరాతి మీద దాని ఫలితం ఉంటుంది, ఒప్పుకుంటాను, గరుకు గచ్చును అది నున్నగా చేయదు.

పాలిష్ ఖర్చు తప్పించుకోవడానికి ఎపాక్సీ, లక్క లాంటి పూత వేయించుకోమనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించలేను. మా ఇల్లు కాలువకు దగ్గర, నేల కింద తేమను ఆపే పొర ఆ రోజుల్లో వేయలేదు. గచ్చు ఆ తేమను కొద్దికొద్దిగా పైకి వదులుతూ ఉంటుంది. దాని నోరు మూసేస్తే పూత కింద బొబ్బలు, తెల్ల పొడి వస్తాయి, పూత పచ్చబడి పెచ్చులూడుతుంది. ఆ పెచ్చులు తీయాలంటే మళ్లీ 50 నంబరే గతి.

వరండాను 800తోనే ఆపించాను, తక్కినవి చేయగలిగీ. వానలో తడికాళ్లతో ఎక్కే చోట అద్దంలాంటి మెరుపు డెబ్భై ఏడేళ్ల మనిషి తుంటికి ప్రమాదం. హాలులో మాత్రం బీరువా కింది చోటుతో పోల్చి చూసుకుంటూ, ట్యూబ్‌లైటు గీత అంచులు కలిసేదాకా చేయించాను. మీద తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి, అరచేయంత గుడ్డతో గడికి ఒక్కసారి, కనబడీ కనబడనంత పలచగా రాసి, ఆరాక గోనెతో రుద్దాం. ఆరు నెలలకోసారికి మించి రాస్తే పాత కథ మొదలవుతుంది.

ఇప్పుడు రోజూ తుడిచే నీళ్ల సంగతి. ఆర్ఓ మెషీన్ వదిలేసే నీళ్లను వృథా చేయకూడదని నేల తుడవడానికి వాడుకునే ఇళ్లు ఎన్నో, మా ఇల్లూ అందులో ఒకటే. బోరు నీళ్లలోని లవణాలు చిక్కబడి ఉండేది సరిగ్గా ఆ నీళ్లలోనే. గచ్చు మీద తెల్ల పొర అంత త్వరగా ఎందుకు పేరుకుంటోందో అప్పుడు అర్థమై, వాటిని మరుగుదొడ్డికి మళ్లించాం. హాలుకు ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు పట్టి ఉంచుతోంది అమ్మ. అవి లవణం లేని నీళ్లు, వేసవిలో రోజుకొక బకెట్ నిండుతుంది. చలికాలంలో మున్సిపాలిటీ నీళ్లే.

పూర్తిగా గెలవనిది ఒకటుంది. బీరువా కింద మెరుపు బాగానే ఉన్నా, దాని నాలుగు కాళ్లు నిలిచిన చోట నాలుగు తుప్పు వలయాలు గచ్చులోకి దిగిపోయాయి. తుప్పుకు అందరూ వాడేది యాసిడే. అది లేకుండా అంటే, రంగుల అద్దకంవాళ్లు హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్‌నూ సోడియం సిట్రేట్‌నూ సుద్దపొడితో కలిపి మెత్తాలి. చెడ్డ గంధకపు వాసన, తలుపులు తీసి, గ్లవ్స్ వేసుకుని చేయాలి. సిట్రేట్ కాల్షియాన్ని కూడా కాస్త పట్టుకుంటుంది కాబట్టి చివరి పాలిష్‌కు ముందే కానివ్వాలి. రెండుసార్లు మెత్తాక ముదురు గోధుమరంగు వలయాలు లేత గంధం రంగుకు వచ్చాయి. మూడోసారి వేస్తే చుట్టుపక్కల సిమెంటు మెత్తబడేలా ఉందని మేస్త్రీ వేలితో నొక్కి చూపించాడు. అక్కడితో ఆపేశాం. అమ్మ బీరువాను మళ్లీ ఆ వలయాల మీదికే సరిగ్గా జరిపించింది, ఈసారి ప్రతి కాలి కిందా ఒక చెక్కముక్క పెట్టించి.